బీడులో పండిన మినుము

కొన్నేళ్ళ కిందట ఒక పత్రిక డెస్కులో ఇంగ్లీషు వార్తల్ని తెలుగు చేసే పని చేసేదాన్ని. ఒక రాత్రి వ్యవసాయ వార్త ఒకటి నా వాటాకి వచ్చింది. కృష్ణా డెల్టాలో 'రైస్ ఫాలో' భూముల్లో మినుము విస్తీర్ణం గురించి. 'ఫాలో' అంటే నిఘంటువులో బీడు అని ఉంది. టైమ్ పదకొండు దాటింది. 'వరి బీడు భూముల్లో మినుము సాగు' అని శీర్షిక పెట్టి పేజీ పంపించేశా.

మర్నాడు పొద్దున్నే మా పెదనాన్న ఫోన్ చేశారు. ఆయనది దివిసీమ పక్క. డెబ్బై దాటినా పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు.

"ఏమ్మా, ఇది నువ్వు రాసిందేనా? బీడులో మినుము పండిందా? మా ఊళ్ళో మాగాణి బీడు పడితే ఆ ఇంటాయన పోయాడనుకుంటారు. పండే చేను పట్టుకుని బీడంటావేంటి?"

నవ్వుతూనే అన్నారు గానీ నాకు చెవులు వేడెక్కాయి. ఇంగ్లీషులో చూపించి, వాళ్ళే అలా రాశారు పెదనాన్నా అన్నా. "వాళ్ళకి తెలీకపోతే నీకూ తెలీదా?" అన్నారు. అక్కణ్ణుంచి ఈ మాటల వెంట పడ్డా. తీరా చూస్తే తప్పు నాదొక్కదానిదే కాదు, ఆ ఇంగ్లీషు మాటదీ కాదు. ఆ మాట ఎవరి కళ్ళతో పొలాన్ని చూస్తోందన్నదే అసలు సంగతి.

ముందు పెదనాన్న చెప్పిన చేను సంగతి. డెల్టా మాగాణిలో సార్వా వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, దాని మధ్యలో మినుములు చల్లుతారు. ఎకరానికి 16 నుంచి 18 కిలోలు. నేల బురదగా ఉంటే విత్తనం కుళ్ళిపోతుంది, ఆరిపోతే మొలవదు. కాలు పెడితే అడుగు గుర్తు పడాలి, కానీ నీళ్ళు ఊరకూడదు. దాన్నే పదును అంటారు. వరి కోసేసరికి కింద మొలక లేచి ఉంటుంది. ఇక దుక్కి లేదు, తడి లేదు. వరి వదిలేసిపోయిన తేమతో, మాఘం దాకా కురిసే మంచుతో మినుము పండుతుంది. కోత మిషన్లు వచ్చాక చక్రాల కింద మొలకలు నలిగిపోతున్నాయని కొందరు కోత అయ్యాక చల్లుతున్నారు. అప్పటికి పదును పోతే అంతే సంగతులు. వీటికి తోడు బంగారు తీగ ఒకటి. ఆకులేని పసుపు దారంలా అల్లుకుని మినుముని పీల్చేస్తుంది. మందు సంచీలో కన్నా ముందు విత్తనాల్లోనే దాని గింజలు ఏరుకోవాలంటారు పెదనాన్న.

ఇంత పని జరిగే నేలని ఇంగ్లీషు వార్త ఫాలో అంటోంది. వరికీ వరికీ మధ్య వరి లేని కాలం కాబట్టి, వరి వైపు నుంచి చూస్తే అది ఖాళీ. పరిశోధకుల పేపర్లలో అది స్థిరపడిపోయిన పేరు. తమాషా ఏంటంటే ప్రభుత్వ భూ వినియోగ లెక్కల్లో ఇదే ఫాలోకి ఇంకో అర్థం ఉంది. ఆ ఏడాది అసలు ఏ పంటా వేయని నేల 'కరెంట్ ఫాలో'. ఏడాది దాటి ఐదేళ్ళ లోపు వదిలేస్తే 'ఇతర ఫాలో'. ఐదేళ్ళు దాటితే సాగుకి పనికొచ్చే బంజరులోకి పోతుంది. అంటే మా పెదనాన్న చేను పరిశోధకుడికి ఫాలో, గణాంక శాఖకి రెండు పంటల భూమి. ఒకే పేపర్లో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే అచ్చవుతుంటాయి. తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదటిదాన్ని 'వరి మాగాణి మినుము' అనాలి. రెండోదాన్ని కోస్తాలో బీడు అన్నా, తెలంగాణలో పడావు అన్నా సరిపోతుంది.

మరి ఆ ఇంగ్లీషు మాట పుట్టినప్పుడన్నా ఖాళీ అనే అర్థం ఉందా? లేదు. పాత ఇంగ్లీషులో అది దున్నిన నేలకి పేరు. మధ్యయుగాల్లో ఇంగ్లండు పల్లెల్లో చాలాచోట్ల ఊరి పొలాన్ని మూడు భాగాలు చేసేవాళ్ళు. ఒకదాంట్లో చలికాలానికి ముందు గోధుమో రై ధాన్యమో వేసేవాళ్ళు. ఇంకోదాంట్లో వసంతంలో బార్లీ, ఓట్స్, బఠానీ లాంటివి. మూడోది ఆ ఏడాది ఫాలో. దాన్ని ఊరికే వదిలేయరు. వేసవిలో రెండు మూడు సార్లు దున్ని కలుపు వేళ్ళు ఎండకి మాడ్చేవాళ్ళు, పశువుల్ని తోలి ఎరువు పడనిచ్చేవాళ్ళు. మనకి దానికి సరైన మాట బీడు కాదు, వేసవి దుక్కి. తర్వాత పద్దెనిమిదో శతాబ్దం నుంచి టర్నిప్, క్లోవర్ పంట మార్పిడిలోకి వచ్చాక ఆ ఖాళీ ఏడాది అవసరం తగ్గిపోయింది. దున్నడం పోయి, మాటలో ఖాళీ మాత్రం మిగిలింది. రైతు పనికి పుట్టిన పేరు, చివరికి పని లేకపోవడానికి పేరైంది.

ఇది ఒక్క మాటకే జరిగింది కాదు. 'హార్వెస్ట్' చూడండి. ఇప్పుడు కోత అని అర్థం. పాత ఇంగ్లీషులో అది కోత కాదు, శరదృతువు పేరు. జర్మన్‌లో ఇప్పటికీ దాని చుట్టం మాటకి శరత్తు అనే అర్థం. ఇంగ్లీషులోకి 'ఆటమ్' వచ్చి రుతువు చోటుని ఆక్రమించాక, పాత మాట పొలంలోకి దిగి కోత అయింది. మన వార్తల్లో రోజూ కనిపించే 'ఖరీఫ్' కూడా సరిగ్గా ఇదే దారిలో నడిచింది. అరబ్బీలో ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. మొఘలుల రెవెన్యూ కాయితాల మీదుగా ఆ రుతువుల పేర్లు పంటల పేర్లయ్యాయి. రెండు పేర్లూ పంట చేతికొచ్చే కాలం పేర్లే. విత్తే కాలానివి కావు. జూన్‌లో వాన పడగానే 'ఖరీఫ్ మొదలైంది' అని రాస్తాం, అంటే నైరుతి మబ్బుల కింద నిలబడి శరత్తు మొదలైందంటున్నామన్నమాట.

ఎందుకలా? పంట ఎప్పుడు కళ్ళంలో ఉంటుందో శిస్తు వసూలు చేసేవాడికి కావాలి. తొలకరి ఎప్పుడన్నది అతనికి అంత అవసరం లేదు. రైతు పెట్టుకున్న పేర్లు వేరేవి. తొలకరి, పునాస, వానాకాలం, ఇవన్నీ ఆకాశం వైపు చూసి పెట్టినవి. మా డెల్టాలో సార్వా, దాళ్వా. తెలంగాణలో యాసంగి. విత్తేవాడికి అదును ముఖ్యం, వసూలు చేసేవాడికి రాశి ముఖ్యం. వార్తల్లోకి ఎక్కినవి ఎక్కువగా రెండోవాడి మాటలే.

ఇప్పుడు అసలు మాటకి వస్తా. 'యీల్డ్'. మనం దిగుబడి అంటాం. పాత ఇంగ్లీషులో దీని అర్థం చెల్లించడం. అప్పు చెల్లించడం, పన్ను చెల్లించడం. జర్మన్‌లో డబ్బుకి వాడే 'గెల్ట్' దీని దాయాదే. చెల్లించడం నుంచి అప్పగించడం, లొంగిపోవడం అనే అర్థాలొచ్చాయి. నేల రైతుకి చెల్లించింది యీల్డ్. బాండ్ల మీద వడ్డీ రాబడిని వ్యాపార పేజీలో యీల్డ్ అనడం కూడా ఈ చెల్లింపు అర్థంతోనే. నేల రైతుకి ఎంత చెల్లించిందో తేలితేనే రైతు సర్కారుకి ఎంత చెల్లించాలో తేలేది. అందుకే దిగుబడి అనేది ఈ దేశంలో వ్యవసాయశాస్త్రం కన్నా ముందు తగాదా. ఆ తగాదా కథ చెప్పుకోవాల్సిందే.

బ్రిటిషు కాలంలో దిగుబడిని అణాల్లో చెప్పేవాళ్ళు. రూపాయికి పదహారణాలు కదా, నిండు పంట అంటే పదహారణాలు. సగం పండితే ఎనిమిది. ఊరి అధికారి పొలాల వెంట నడిచి, కంకుల్ని కంటితో చూసి, ఈ ఏడు పదణాల పంట అనో ఆరణాల పంట అనో రాసేవాడు. దీన్ని ఆణేవారీ అన్నారు. తూకం లేదు, కోత లేదు, చూపే కొలత. జిల్లా మొత్తం పంట తేల్చడానికి విస్తీర్ణాన్ని నిండు పంటతో గుణించి, ఈ అణాల వంతు తీసేవాళ్ళు. మనం 'పదహారణాల తెలుగమ్మాయి' అనేటప్పుడు ఎవరికీ కరణం గుర్తురాడు గానీ, ఆ పదహారు మీద పల్లెల్లో బతుకులు వేలాడాయి.

1917లో గుజరాత్ ఖేడా జిల్లాలో వానలు మితిమీరి ఖరీఫ్ పంట దెబ్బతింది. అప్పటి నిబంధన ప్రకారం పంట నాలుగణాలు, అంటే నిండు పంటలో నాలుగో వంతు, అంతకన్నా తక్కువైతే ఆ ఏడు శిస్తు వసూలు పూర్తిగా ఆపాలి. రైతులు నాలుగణాల లోపే అన్నారు. అధికారులు నాలుగణాలు దాటిందన్నారు. 1918 మార్చి 22న నడియాద్‌లో గాంధీ సత్యాగ్రహం మొదలుపెట్టాడు. శిస్తు కట్టమని రైతులు సంతకాలు చేశారు. వల్లభ్‌భాయ్ పటేల్ వకీలు పని పక్కనపెట్టి ఊళ్ళ వెంట తిరిగింది అప్పుడే. సర్కారు పశువుల్ని, సామాన్లని జప్తు చేసింది. చివరికి జూన్‌లో, కట్టగలిగినవాళ్ళు కడితే బీదవాళ్ళ దగ్గర వసూలు ఆపేస్తామన్న రాజీతో ముగిసింది.

చరిత్ర పుస్తకాల్లో ఇది అహింసా పోరాటంగా చదువుకున్నాం. నాకు మాత్రం ఒక భిన్నం మీద జరిగిన గొడవలా కనిపిస్తుంది. భిన్నానికి పైనొక అంకె, కిందొక అంకె ఉంటాయి. పైది ఈ ఏడు పండింది. కిందది నిండు పంట. పైదాన్ని చేలోకి వెళ్ళి చూడొచ్చు. కిందదాన్ని ఎవరూ చూడలేరు, అది ఒప్పుకోవాల్సిందే.

ఊహకి ఒక చేను తీసుకుందాం. ఈ ఏడు ఎకరానికి ఐదు బస్తాలయ్యాయి. దీని మీద ఎవరికీ పేచీ లేదు. నిండు పంట ఇరవై బస్తాలనుకుంటే ఐదు సరిగ్గా నాలుగణాలు. నిండు పంట ఇరవై నాలుగని రైతు అంటాడు, అప్పుడు మూడణాల చిల్లర. శిస్తు ఆగిపోవాలి. కాదు, ఈ నేలకి పదహారే నిండు పంట అని అధికారి అంటే ఐదణాలైపోతుంది. శిస్తు కట్టాలి. గింజ ఒక్కటి మారలేదు. కింది అంకె మారింది, ఇంట్లోంచి ఎద్దు పోయింది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. మామూలు రోజుల్లో రైతు తన నేల గొప్పది కాదనే చెప్పుకుంటాడు, లేకపోతే శిస్తు రేటు పెరుగుతుంది. పంట పోయిన ఏడు మాత్రం తన నేలకి నిండు పంట ఎక్కువని చెప్పుకోవాలి. సర్కారుకీ అంతే, తలకిందులుగా. ఇద్దరి నాలుకలూ రెండు వైపులా తిరగక తప్పదు. అణా లెక్క వాళ్ళని అలా కూర్చోబెట్టింది.

ఈ కంటి చూపు కొలతకి చెక్ పెట్టాలనుకున్నవాళ్ళలో జె.ఎ. హబ్బాక్ అనే ఐ.సి.ఎస్. అధికారి ఒకడు. 1920లలో బీహార్, ఒరిస్సాలో వరి మీద పనిచేశాడు. అప్పటిదాకా కోసి తూచే ప్రయత్నాలు జరిగినా, 'సగటు చేను'ని అధికారే ఎంచుకునేవాడు. బాట పక్కన, బాగా కనిపించే చేను దొరికితే అదే సగటు. హబ్బాక్ చేను ఎంపికని మనిషి చేతిలోంచి తీసేసి చీటీ చేతిలో పెట్టాడు. తర్వాత బెంగాల్‌లో మహలనోబిస్, ఇంకోవైపు సుఖాత్మే ఈ పద్ధతిని పెద్దది చేశారు. వాళ్ళిద్దరికీ ఒక పేరుమోసిన వాదం నడిచింది. కోసే ముక్క చిన్నదిగా ఉండాలా, పెద్దదిగా ఉండాలా అని.

వినడానికి చాదస్తంలా ఉంటుంది గానీ, కాదు. తాడు వేసి గళ్ళు కొలిచేటప్పుడు అంచు మీద పడ్డ దుబ్బుల్ని మన చెయ్యి లోపలికే లాక్కుంటుంది. నాలుగు వైపులా పది సెంటీమీటర్లు ఇలా లోపలికి వచ్చాయనుకోండి. ఒక మీటరు గడి 1.2 మీటర్లవుతుంది, వైశాల్యం 44 శాతం పెరిగిపోతుంది. ఐదు మీటర్ల గడి 5.2 అవుతుంది, పెరిగేది 8 శాతమే. చిన్న గళ్ళు దిగుబడిని ఉబ్బిస్తాయని సుఖాత్మే పట్టుబట్టింది ఇందుకే. ఇవాళ వరికి పంట కోత ప్రయోగంలో కోసేది ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గడి.

పెదనాన్న ఊళ్ళో ఒకసారి ఈ ప్రయోగం చూశా. చీటీలో వచ్చిన సర్వే నంబరు పొలం మూల నుంచి ఇన్ని అడుగులు అని నడిచి, మేకు కొట్టి, తాడు కట్టి, లోపలి వరి కోసి, అక్కడే నూర్చి తూచారు. పదిహేను కిలోలు. ఎకరంలో ఇలాంటి గళ్ళు దాదాపు 162 పడతాయి. అంటే ఎకరానికి 2430 కిలోలు, 75 కిలోల బస్తా లెక్కన ముప్పై రెండుకి పైన. "ఇది పచ్చి ఒడ్లమ్మా, ఎండబెట్టి చెప్పమను" అన్నారు పెదనాన్న. ఇరవై శాతం తేమ ఉన్న ధాన్యాన్ని పద్నాలుగు శాతానికి ఆరబెడితే పదిహేను కిలోలు పద్నాలుగు కూడా ఉండవు. ఎకరానికి ముప్పై బస్తాలకి దిగుతుంది. గడిలో ఒక్క కిలో తేడా అంటే ఎకరానికి రెండు బస్తాల పైమాట. అందుకే ఆ తాడు చుట్టూ ఊరు ఊరంతా నిలబడి ఉంది.

శిస్తు కోసమైతే ఇవాళ ఎవరూ అలా నిలబడరు. ఇప్పుడు వాళ్ళని నిలబెట్టింది బీమా. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో దిగుబడి నష్టానికి పరిహారం ఇలా కడతారు. గడిచిన ఏడేళ్ళలో మెరుగైన ఐదేళ్ళ సగటు తీస్తారు. దానికి 70, 80, 90 శాతాల్లో ఆ పంటకి నిర్ణయించిన వంతు కడితే వచ్చేది గీత. అసలు దిగుబడి గీత కన్నా ఎంత శాతం తగ్గిందో, బీమా మొత్తంలో అంత శాతం ఇస్తారు. సగటు ముప్పై బస్తాలు, వంతు ఎనభై శాతం అనుకుంటే గీత ఇరవై నాలుగు. పద్దెనిమిది పండితే ఆరు తగ్గింది, అంటే నాలుగో వంతు పరిహారం. ఇరవై ఐదు పండితే, ముప్పై నుంచి ఐదు బస్తాలు పోయినా, ఏమీ రాదు. పైగా ఇదంతా మీ చేను లెక్క కాదు, ఊరి లెక్క. మీ చేను మునిగి ఊరి సగటు గీతకి పైన ఉంటే, ఈ లెక్క ప్రకారం మీకు నష్టం జరగనట్టే.

వందేళ్ళ తర్వాత కూడా అదే భిన్నం. ఖేడాలో దిగుబడి ఎక్కువ కనిపించాలని సర్కారుకి ఉండేది, ఇప్పుడు బీమా కంపెనీకి ఉంటుంది. తక్కువ కనిపించాలని రైతుకి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కింది అంకెని ఊహించడం పోయి ఏడేళ్ళ రికార్డు వచ్చింది. అది పెద్ద మార్పే, కాదనను. కానీ వరసగా కరువొచ్చిన చోట ఆ ఏడేళ్ళే తక్కువవి. సగటు తక్కువ, గీత ఇంకా తక్కువ. ఎంతకాలంగా నష్టపోతుంటే అంత తక్కువ పోయినట్టు లెక్క.

ఇప్పుడు ఇంగ్లీషులో 'ఈల్డ్ సాధారణం కన్నా పన్నెండు శాతం తక్కువ' అనే వాక్యం చదివితే నేను తెలుగు మాట కోసం వెతకను. ముందు ఆ 'సాధారణం' ఎవరిదని వెతుకుతా. ఐదేళ్ళ సగటా, ఏడేళ్ళలో మెరుగైన ఐదా, పోయినేడా? పచ్చి ధాన్యమా, ఆరిందా? అది తేలితే దిగుబడి అనే మాట దానంతటదే కుదురుతుంది. తేలకపోతే ఏ మాట పెట్టినా అది మళ్ళీ బీడులో మినుమే.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు పెదనాన్నని అడిగా, ఈసారి ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయని. వెంటనే జవాబు చెప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నా వైపు చూశారు.

"ఎవరికి చెప్పాలి?" అన్నారు.